మూడో స్థానం ఎవరికి?

2001 మార్చి. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 పరుగులు చేస్తే, భారత్ 171కే కుప్పకూలింది. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడాల్సి వచ్చింది. అప్పుడు కెప్టెన్ గంగూలీ, కోచ్ జాన్ రైట్ బ్యాటింగ్ క్రమంలో ఒక్క మార్పు చేశారు. ఆరో స్థానంలో ఆడుతున్న హైదరాబాదీ లక్ష్మణ్‌ను మూడో స్థానానికి తెచ్చి, మూడో స్థానంలోని ద్రావిడ్‌ను ఆరుకు దించారు.

క్రమం వేసేటప్పుడు ముందుగా చూడాల్సింది ఆ స్థానంలో చేయాల్సిన పని. ఓపెనర్లలో ఒకరు తొందరగా అవుటైతే, మూడో బ్యాటర్ ఇంకా మెరుపు తగ్గని బంతినే ఎదుర్కోవాలి. ఆరో స్థానంలో వచ్చేవాడికి సాధారణంగా బంతి పాతబడి ఉంటుంది. అయితే 80 ఓవర్ల తర్వాత మళ్లీ కొత్త బంతి వస్తుంది, అవతలి వైపు బౌలర్లు బ్యాటింగ్‌కు దిగుతారు. ఈ రెండు పనులకూ సరిపోయే గట్టి డిఫెన్స్ ద్రావిడ్‌ది. అందుకే ఆరో స్థానానికి వెళ్లడం అతనికి అవమానం కాదు, వేరే బాధ్యత.

రెండోది ఫామ్. దాన్ని స్కోరు ఒక్కటే చెప్పదు. మొదటి ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ చేసినవి 59 పరుగులే. కానీ అవతల వికెట్లు పడుతున్నా తడబడకుండా షాట్లు ఆడి, చివరి వికెట్‌గా వెనుదిరిగాడు. బ్యాటర్ పాదాలు ఎలా కదులుతున్నాయి, బంతి బ్యాట్ మధ్యలో తగులుతోందా అన్నవే అసలు గుర్తులు.

మూడోది మ్యాచ్ పరిస్థితి. ఓటమి తప్పాలంటే రోజున్నరకు పైగా క్రీజులో నిలవాలి. అంత సమయం దొరకాలంటే బాగా ఆడుతున్నవాడు ముందే దిగాలి. ఆరో స్థానంలోనే ఉంచితే అతనికి తోడు నిలిచేవాళ్లు కరవయ్యే ప్రమాదం ఉంది.

52 పరుగుల వద్ద మొదటి వికెట్ పడగానే లక్ష్మణ్ వచ్చాడు. 232 వద్ద నాలుగో వికెట్ పడ్డాక ద్రావిడ్ జతకలిశాడు. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. వారి భాగస్వామ్యం 376; లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. చివరికి భారత్ 171 పరుగులతో గెలిచింది.

అలాగని ఈ మార్పు శాశ్వతం కాలేదు. తర్వాతి కాలంలో ద్రావిడ్ మళ్లీ మూడో స్థానంలోనే స్థిరపడ్డాడు, లక్ష్మణ్ మిడిలార్డర్‌కు వెళ్లాడు. నిత్యం క్రమం మారుస్తుంటే ఏ బ్యాటర్‌కూ తన పని తెలియదు. కాబట్టి స్థానాలను బాధ్యతను బట్టి ఖాయం చేయాలి. ఫామ్, పరిస్థితి రెండూ ఒకే వైపు చూపినప్పుడు మాత్రమే వాటిని కదపాలి.