జీతం లేని పనికి రుజువు రాయడం ఎలా?

కాలనీలో రక్తదాన శిబిరం జరిగితే బ్యానర్ మీద అతిథుల పేర్లుంటాయి, ఫొటోల్లో దాతల చిరునవ్వులుంటాయి. కానీ బ్లడ్ సెంటర్‌తో మాట్లాడి తేదీ ఖాయం చేసుకున్నదీ, కాలేజీ ప్రిన్సిపాల్‌ను ఒప్పించి హాలు తీసుకున్నదీ, వాలంటీర్లలో ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలో చెప్పిందీ ఒక మనిషే. ఆ మనిషి జీతం లేకుండా ఏళ్ల తరబడి ఈ పని చేసి, చివరికి ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు తన గురించి ఇలా రాసుకుంటుంది: ‘సేవాభావం, నాయకత్వ లక్షణాలు గలదాన్ని. సమాజానికి ఏదైనా చేయాలన్న తపన ఉంది. ఎన్నో రక్తదాన శిబిరాలు నిర్వహించి ఎందరో ప్రాణాలు కాపాడాను.’

ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ చదివేవారు సరిచూసుకోగలిగింది ఒక్కటీ లేదు. అదే మనిషి చేసిన అదే పనిని ఉద్యోగమిచ్చేవారు నమ్మగలిగేలా ఎలా రాయవచ్చో చూద్దాం. ఇందుకోసం ఖమ్మంలో మూడేళ్లుగా శిబిరాలు నడుపుతున్న ఒక గృహిణిని ఊహించుకుందాం. ఆమె బీకాం చదివింది. మనిషీ, అంకెలూ ఊహించినవే. రక్తదాన నియమాలు మాత్రం నిజమైనవి.

సంస్థ ఏం వెతుకుతుంది?

స్వచ్ఛంద సంస్థ నడిచేది ఎక్కువగా ఇతరులిచ్చే డబ్బుతో. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ నిధులు తీసుకున్న సంస్థ ఎంతమందిని చేరిందో, ఏ పని జరిగిందో, డబ్బు ఎటు పోయిందో నివేదిక ఇవ్వాలి. విదేశీ దాతలకైనా, స్థానిక దాతలకైనా ఇదే లెక్క. ఆ నివేదికలకు సమాచారం వచ్చేది క్షేత్రస్థాయిలో ఉండే కోఆర్డినేటర్ దగ్గర్నుంచే. అందువల్ల దరఖాస్తు చదివే ప్రోగ్రామ్ మేనేజర్ మనసులో ఉండే ప్రశ్న ‘ఈమెకు సేవాభావం ఉందా?’ అన్నది కాదు. ‘మనుషుల్ని పోగుచేసి, పని పంచి, జరిగింది లెక్కగా రాసి తేగలదా?’ అన్నది.

రక్తదాన శిబిరానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి మన దేశంలో డబ్బిచ్చి రక్తం తీసుకోవడం ఆగిపోయింది. అంటే వచ్చే ప్రతి దాతా మాటతో ఒప్పించి తెచ్చిన మనిషే. డబ్బు ఆశ చూపకుండా జనాన్ని కదిలించడమే ఫీల్డ్ కోఆర్డినేటర్ ఉద్యోగంలో సగం పని. ఖమ్మం గృహిణి ఆ పని ఇప్పటికే చేసి ఉంది. ఇక కావలసింది రుజువు.

ముందు రిజిస్టర్ తెరవాలి

బయో రాయడానికి కూర్చునే ముందు ఆమె పాత కాగితాలు బయటికి తీయాలి: శిబిరాల రిజిస్టర్లు, వాట్సాప్ గ్రూపులో తేదీల వారీగా పెట్టిన సందేశాలు, కాలేజీలకు రాసిన ఉత్తరాలు, టిఫిన్, టెంట్ బిల్లులు, శిబిరం ముగిశాక బ్లడ్ సెంటర్ ఇచ్చిన కాగితం. వీటిలోంచి ఒక్కో శిబిరానికి నాలుగు అంకెలు రాసుకోవాలి. ఎంతమంది పేరు నమోదు చేసుకున్నారు? ఎంతమంది వెనుదిరిగారు? ఎంతమంది రక్తం ఇచ్చారు? ఎంతమంది వాలంటీర్లు పనిచేశారు?

వెనుదిరిగినవారి అంకెను చాలామంది వదిలేస్తారు. అది వైఫల్యంలా కనిపిస్తుందని వారి భయం. నిజానికి శిబిరం నడిపిన అనుభవం ఎక్కువగా తెలిసేది ఆ అంకెలోనే. దాత వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. పోయినసారి రక్తం ఇచ్చి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు దాటాలి. ఖాళీ కడుపుతో రాకూడదు. ఈ సంగతులు తెలియక వచ్చినవారు క్యూలో నిలబడి, పరీక్ష టేబుల్ దగ్గర ‘వద్దు’ అనిపించుకుని చిన్నబుచ్చుకుని వెళ్తారు. వారిలో కొందరు మళ్లీ రారు.

మన ఉదాహరణలో 11 శిబిరాలకు 1,040 మంది పేరు నమోదు చేసుకున్నారు. వారిలో 228 మంది వెనుదిరిగారు, 812 మంది రక్తం ఇచ్చారు. అంకెల్ని శిబిరాల వారీగా విడదీస్తే ఒక విషయం బయటపడుతుంది. మొదటి నాలుగు శిబిరాల్లో 360 మందికి 104 మంది, అంటే నూటికి 29 మంది వెనుదిరిగారు. తర్వాతి ఏడు శిబిరాల్లో 680 మందికి 124 మంది, అంటే నూటికి 18 మంది.

మధ్యలో ఏం మారింది? ఐదో శిబిరం నుంచి ఆమె రెండు రోజుల ముందే అందరికీ ఒక సందేశం పంపడం మొదలుపెట్టింది. టిఫిన్ తిని రండి, రాత్రి బాగా నిద్రపోండి, యాంటీబయాటిక్స్ వాడుతుంటే ముందే చెప్పండి, పోయినసారి ఇచ్చిన తేదీ చూసుకోండి అని. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారికి ఈ సందేశం వల్ల ఆ రోజు లాభం లేదు. ఆడవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఆ కారణంగానే. మిగతా కారణాలతో వెనుదిరిగేవారు తగ్గారు. ఆమె చేసిన ఒక మార్పు, దాని తర్వాత కనిపించిన ఫలితం, రెండూ రాతలో ఉన్నాయి. ఉద్యోగమిచ్చేవారికి కావలసింది ఇదే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తర్వాతి శిబిరాలకు పాత దాతలే మళ్లీ వచ్చి ఉండవచ్చు, వారికి నియమాలు ముందే తెలుసు. కాబట్టి ‘నా సందేశం వల్లే తగ్గింది’ అనకుండా ‘సందేశం మొదలుపెట్టాక తగ్గింది’ అని రాయాలి. ఇంటర్వ్యూలో అడిగితే రెండో కారణాన్ని కూడా తానే చెప్పాలి. అంకెను చదవడం ఆమెకు వచ్చని అక్కడే తెలుస్తుంది.

నేనెంత, మేమెంత

సామూహిక పనిని సొంత బయోలో రాసేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొందరు అంతా ‘మేము’ అని రాస్తారు, దాంతో వారి పాత్ర కనిపించదు. మరికొందరు అంతా ‘నేను’ అంటారు, తోటి వాలంటీర్‌కు ఫోన్ వెళ్తే ఆ మాట నిలబడదు. ఫలితాన్ని బృందం పేరిట, బాధ్యతను తన పేరిట రాయడం సరైన పద్ధతి. శిబిరాలు జరిపింది బృందం. తేదీలు కుదిర్చింది, పనులు పంచింది, జాబితా నిర్వహించింది ఆమె.

సమయం విషయంలోనూ ఇదే నిజాయితీ ఉండాలి. మూడేళ్ల పాటు నెలకు 20 గంటలు అంటే మొత్తం 720 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున చూస్తే 90 పనిదినాలు, అంటే దాదాపు నాలుగు నెలల పూర్తికాలపు ఉద్యోగం. ‘మూడేళ్ల అనుభవం’ అని మాత్రమే రాస్తే అది చదివేవారిని తప్పుదారి పట్టించడమే. గంటలు కూడా రాస్తే నష్టమేమీ లేదు. మొదటి ఫోన్ నుంచి చివరి నివేదిక దాకా ఒక కార్యక్రమాన్ని 11 సార్లు నడిపిన సంగతి పక్కనే ఉంటుంది కదా.

‘ఒక్క యూనిట్ ముగ్గురి ప్రాణం కాపాడుతుంది’ అనే మాటను మాత్రం వదిలేయాలి. ఒక యూనిట్ నుంచి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వేరు చేస్తారు కాబట్టి ఆ ప్రచారం పుట్టింది. దాన్ని పట్టుకుని 812ను మూడుతో గుణించి ‘2,436 ప్రాణాలు’ అని రాస్తే, ఆ రక్తం ఎవరికి ఎక్కిందో ఆమెకు తెలియదు గనుక ఒక్క ప్రశ్నకే ఆ అంకె కూలిపోతుంది. దాని పక్కనున్న నిజమైన అంకెల మీద కూడా అనుమానం వస్తుంది.

తిరగరాసిన బయో

ఇవన్నీ చేరాక ఆమె బయో ఇలా ఉంటుంది:

‘మూడేళ్లుగా ఖమ్మంలో రక్తదాన శిబిరాల నిర్వహణ చూస్తున్నాను. ఇది జీతం లేని పని. నెలకు సుమారు 20 గంటలు కేటాయించాను. 12 మంది వాలంటీర్లున్న మా కాలనీ బృందం 11 శిబిరాలు జరిపింది. కాలేజీలతో, బ్లడ్ సెంటర్‌తో తేదీలు కుదర్చడం, వాలంటీర్లకు పని నేర్పి పంచడం, దాతల జాబితా నిర్వహించడం నా బాధ్యతలు. 1,040 మంది పేరు నమోదు చేసుకోగా 812 మంది రక్తం ఇచ్చారు. మొదటి 4 శిబిరాల్లో నూటికి 29 మంది పరీక్ష దశలో వెనుదిరిగారు. దాతలకు ముందస్తు సూచనలు పంపడం మొదలుపెట్టాక, తర్వాతి 7 శిబిరాల్లో అది 18కి తగ్గింది. బీకాం చదివాను. లెక్కలు, జాబితాలు ఎక్సెల్‌లో ఉంచుతాను. వాలంటీర్ల సమీకరణ, శిక్షణ చూసే పూర్తికాలపు బాధ్యత కోరుతున్నాను.’

ఇందులో ‘తపన’ అన్న మాట లేదు. మూడేళ్లు జీతం లేకుండా చేసిందన్న వాక్యమే ఆ సంగతి చెబుతుంది. ప్రకటనలో ‘కమ్యూనిటీ మొబిలైజేషన్’ అని ఉంటే కాలేజీల వాక్యాన్ని ముందుకు తేవాలి, ‘డేటా, రిపోర్టింగ్’ అని ఉంటే 29, 18 అంకెల వాక్యాన్ని తేవాలి. పని ఒకటే, వరుస మారుతుంది. దరఖాస్తు ఇంగ్లిష్‌లో అడిగినా ఈ వాక్యాలే సరిపోతాయి.

లేఖ, జాబితా, అర్హత

బయోకు తోడుగా బ్లడ్ సెంటర్ నుంచి ఒక లేఖ తీసుకోవాలి. ‘సేవలు ప్రశంసనీయం’ అన్న రకం సర్టిఫికెట్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని శిబిరాలు, ఎంత సేకరణ, అందులో ఈమె పాత్ర ఏమిటి అన్నవి ఉండాలి. సంతకం చేసినవారి హోదా, ఫోన్ నంబర్ ఉండాలి. తన రిజిస్టర్‌లోంచి తీసిన పట్టికను ముందే వారికి ఇస్తే వారి రికార్డుతో పోల్చి రాసివ్వడం తేలిక. రెండు లెక్కలకూ తేడా వస్తే బ్లడ్ సెంటర్ అంకెనే వాడాలి.

రుజువు చూపాలన్న ఉత్సాహంలో దాతల జాబితాను దరఖాస్తుకు జతచేయకూడదు. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపులు ఉంటాయి. నమ్మి ఇచ్చిన వివరాలను తన ఉద్యోగం కోసం బయటపెట్టిన మనిషికి ఏ సంస్థా తన జాబితా అప్పగించదు. మొత్తాల పట్టిక చాలు.

బయో తీర్చలేని లోటు కూడా ఒకటుంది. ప్రోగ్రామ్ ఆఫీసర్ వంటి చాలా పోస్టులకు ఎంఎస్‌డబ్ల్యూ లాంటి డిగ్రీ తప్పనిసరి అంటారు. అక్కడ 11 శిబిరాలున్నా దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోవచ్చు. ఫీల్డ్ కోఆర్డినేటర్, కమ్యూనిటీ మొబిలైజర్, బ్లడ్ సెంటర్లలో దాతలను ప్రోత్సహించే ఉద్యోగాల్లో అనుభవానికి ఎక్కువ చోటుంటుంది. ఆమె ముందుగా దరఖాస్తు చేయవలసింది వాటికే. పంపే ముందు ఒక్క పరీక్ష చాలు: ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఇది నిజమేనా అని ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవచ్చు?’ అని అడుక్కోవాలి. జవాబుగా ఒక మనిషో కాగితమో దొరకని వాక్యాన్ని కొట్టేయాలి.