పెళ్లివాళ్లకు గదులు రాసిచ్చే ముందు

రాజమహేంద్రవరంలో మీకు 24 గదుల హోటల్ ఉందనుకోండి. మాఘమాసపు ముహూర్తానికి ఒక పెళ్లివారు శుక్ర, శనివారాలకు 20 గదులు అడిగారు. గది అద్దె రాత్రికి 2,500 రూపాయలు. అనుకున్న చుట్టాలందరూ రారు కాబట్టి 20 శాతం వరకు తగ్గినా డబ్బు అడగబోమని ఒప్పుకున్నారు. ఈ మినహాయింపునే అట్రిషన్ అంటారు. అంటే రాత్రికి కనీసం 16 గదులకు వారిది పూచీ.

శుక్రవారం 10 గదులే తీసుకున్నారు, శనివారం 20 నిండాయి. ఇప్పుడు ఎంత రావాలి? రెండు రాత్రులూ కలిపి లెక్కేస్తే 32 రావాల్సినచోట 30 వచ్చాయి, తగ్గింది రెండే: 5,000 రూపాయలు. ఏ రాత్రికారాత్రి లెక్కేస్తే శుక్రవారం ఆరు తగ్గాయి: 15,000. ఏ లెక్కో కాగితం మీద లేకపోతే వాళ్లు మొదటిది పట్టుకుంటారు, మీరు రెండోది. శుక్రవారం ఖాళీని శనివారం రద్దీ పూడ్చదు కనుక, ‘ప్రతి రాత్రికీ విడివిడిగా’ అన్న మాట తప్పక రాయించుకోండి.

కటాఫ్ తేదీ అంటే పేర్ల జాబితా ఇవ్వడానికి గడువు. ఆలోపు పేర్లు రాని గదులు మళ్లీ మీ అమ్మకానికి వస్తాయి. దీన్ని పెళ్లికి మూడు రోజుల ముందు పెడితే వాటిని అమ్ముకునే వ్యవధే ఉండదు. మూడు వారాల ముందు పెట్టడం మేలు. ఇక్కడే చాలా ఒప్పందాలు మౌనంగా ఉంటాయి. గదులు మీరే వెనక్కి తీసుకున్నారు, ఇంక మాకేం బాకీ అని అవతలివారు అంటారు. అందుకే, కటాఫ్ తర్వాత గదులు హోటల్‌కు తిరిగొచ్చినా కనీస పూచీ అలాగే ఉంటుందని రాయాలి. దానికి బదులుగా, ఆ గదులు అమ్ముడైతే అంత మేరకు వారి బాకీ తగ్గిస్తామనీ రాయాలి. అది న్యాయం.

తగ్గించడం ఎలా? శుక్రవారం బయటివాళ్లు 12 గదులు తీసుకున్నారనుకోండి. మొత్తం 22 నిండాయి, ఖాళీగా మిగిలినవి రెండే. తగ్గిన గదులు ఆరు, ఖాళీగా మిగిలినవి రెండు. ఈ రెండింటిలో చిన్న అంకెే మీ అసలు నష్టం. ఆ రెండింటికీ టిఫిను, లాండ్రీ, కరెంటు గదికి 500 చొప్పున మిగిలితే నష్టం 4,000 రూపాయలు.

‘తగ్గితే లక్ష కట్టాలి’ అని భయపెట్టే పెనాల్టీ రాసుకుంటే లక్షా వస్తుందని నమ్మకండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే లేకపోతే ఆ సెక్షన్ కింద పరిహారమూ లేదని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆ రాత్రి ఏ గది నిండిందో, ఏది ఖాళీగా ఉందో చూపే రిజిస్టరు కాపీని బిల్లుతో పాటే పెళ్లివారికి ఇవ్వండి.