78 నుంచి 67కి: మార్కులు తగ్గాయా, పేపరు కష్టమైందా?

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయికి లెక్కల్లో క్వార్టర్లీలో నూటికి 78 వచ్చాయి, హాఫ్ ఇయర్లీలో 67 వచ్చాయి అనుకుందాం. ప్రోగ్రెస్ కార్డు చూసిన తండ్రి ముందుగా అడిగేది, పదకొండు మార్కులు ఎందుకు తగ్గాయని. ఆ అమ్మాయి పేపరు కష్టంగా వచ్చిందంటుంది. అది సాకో నిజమో ఈ రెండు అంకెలను చూసి ఎవరూ తేల్చలేరు. తేల్చాలంటే ఆ రెండు పరీక్షలూ రాసిన మిగతా పిల్లల మార్కులు కూడా కావాలి.

లెక్క చేత్తో వేసుకునేందుకు వీలుగా ఎనిమిది మంది పిల్లల బ్యాచ్‌ను తీసుకుందాం. క్వార్టర్లీలో వాళ్ల మార్కులు 56, 62, 68, 68, 70, 76, 78, 82. హాఫ్ ఇయర్లీలో 38, 42, 43, 48, 57, 58, 63, 67. మొదటి పరీక్ష సగటు 70, రెండో దాని సగటు 52. పిల్లలు వాళ్లే అయినా సగటు 18 మార్కులు పడిపోయింది. అంటే రెండో పేపరు అందరికీ కష్టంగానే ఉంది. మన అమ్మాయి మొదటిసారి సగటు కంటే 8 మార్కులు పైన ఉంది, రెండోసారి 15 మార్కులు పైన ఉంది.

ఇంతవరకూ చాలామంది టీచర్లు కూడా చూస్తారు. అయితే సగటుతో పోల్చి ఆగిపోతే సరిపోదు. అదే అమ్మాయికి ఇంగ్లిష్‌లో 72 వచ్చాయి, క్లాసు సగటు 64 అనుకోండి. ఇక్కడా సగటు కంటే 8 మార్కులే ఎక్కువ. మరి క్వార్టర్లీ లెక్కల్లో వచ్చిన 8కీ, ఇంగ్లిష్‌లో వచ్చిన 8కీ విలువ ఒకటేనా? క్లాసంతా సగటుకు దగ్గరదగ్గరగా ఉన్న పరీక్షలో 8 మార్కులు ముందుండటం పెద్ద విషయం. మార్కులు విశాలంగా చెదిరి ఉన్న పరీక్షలో అదే 8 మామూలు విషయం. కాబట్టి మార్కులు ఎంతగా చెదిరి ఉన్నాయో కూడా కొలవాలి. ఆ కొలతనే ప్రామాణిక విచలనం అంటారు. కాలేజీల్లో ఎక్కువగా స్టాండర్డ్ డీవియేషన్ అనే పిలుస్తారు.

దాన్ని కట్టే పద్ధతి ఇది. ఒక్కొక్కరి మార్కులోంచి సగటును తీసేయాలి. క్వార్టర్లీలో అలా చేస్తే −14, −8, −2, −2, 0, 6, 8, 12 వస్తాయి. వీటిని ఉన్నపళంగా కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది కాబట్టి ఒక్కోదాన్ని వర్గం చేసి కూడతాం. మొత్తం 512. దాన్ని ఎనిమిది మందికి పంచితే 64, దాని వర్గమూలం 8. అదే ఆ పరీక్ష ప్రామాణిక విచలనం. హాఫ్ ఇయర్లీకీ ఇలాగే చేస్తే వర్గాల మొత్తం 800, ఎనిమిదితో భాగిస్తే 100, వర్గమూలం 10.

ఇక జెడ్ స్కోరుకు మిగిలింది ఒక్క మెట్టే:

z = (మార్కు − సగటు) ÷ ప్రామాణిక విచలనం

క్వార్టర్లీలో ఆ అమ్మాయి z 8 ÷ 8, అంటే 1. హాఫ్ ఇయర్లీలో 15 ÷ 10, అంటే 1.5. ఇంగ్లిష్‌లో ప్రామాణిక విచలనం 4 అయితే z 8 ÷ 4, అంటే 2. ఇప్పుడు మూడు పరీక్షలూ ఒకే కొలబద్ద మీదకు వచ్చాయి. మార్కు 78 నుంచి 67కి దిగినా, తోటివాళ్లతో పోలిస్తే ఆ అమ్మాయి లెక్కల్లో వెనకబడలేదు, ముందుకే వెళ్లింది. పేపరు కష్టమన్న మాట సాకు కాదు. ఇంగ్లిష్‌లో ఆమె స్థానం ఇంకా బలంగా ఉంది.

సగటు దగ్గర ఉన్నవారి z సున్నా, సగటు కంటే తక్కువ వస్తే రుణ సంఖ్య. కార్డు మీద −0.4 అని చూస్తే తల్లిదండ్రులు కంగారు పడతారని z ని 10తో గుణించి 50 కలిపి చూపే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని టి స్కోరు అంటారు. ఆ లెక్కన మన అమ్మాయి స్కోర్లు 60, 65, 70.

మార్కులు ఎక్సెల్‌లో B2 నుంచి B9 వరకు ఉంటే పక్క గడిలో ఈ సూత్రం రాసి కిందికి లాగితే చాలు:

```
=(B2-AVERAGE(B$2:B$9))/STDEV.P(B$2:B$9)
```

STDEV.P బదులు STDEV.S వాడితే భాగించేది 8తో కాదు, 7తో. అప్పుడు క్వార్టర్లీ z 1కి బదులు సుమారు 0.94 వస్తుంది. ఏది వాడినా అన్ని పరీక్షలకూ అదే వాడాలి.

స్కూళ్లలో ఈ లెక్క తరచుగా చెడేది ఆబ్సెంట్ దగ్గర. పరీక్షకు రాని పిల్లాడికి షీటులో సున్నా వేస్తే ఏమవుతుందో చూడండి. క్వార్టర్లీ జాబితాలో అలా తొమ్మిదో పేరుగా ఒక సున్నా చేరితే సగటు 70 నుంచి సుమారు 62కి పడుతుంది, ప్రామాణిక విచలనం 8 నుంచి 23 దాటిపోతుంది. మన అమ్మాయి z 1 నుంచి 0.68కి దిగుతుంది. ఆమె జవాబు పత్రంలో ఒక్క అక్షరం మారలేదు. ప్రతిసారీ 8, 10 మధ్య ఉండే విచలనం ఉన్నట్టుండి 20 దాటితే జాబితాలో సున్నాల కోసం వెతకాలి. రాని వారి గడిని ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ దాన్ని సగటులోనూ విచలనంలోనూ లెక్కలోకి తీసుకోదు.

పేపరు మరీ సులువైనా ఇబ్బందే. సగటు 92, విచలనం 8 ఉన్న పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నవారి z కూడా 1 దాటదు. ఆ విద్యార్థి సత్తా అంతేనని కాదు, అంతకు మించి చూపే చోటు ఆ పేపరులో లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మరొకటి. ఈ పోలిక చెల్లాలంటే రెండు పరీక్షలూ రాసినవారు దాదాపు వాళ్లే అయి ఉండాలి. సగటు పడిపోతే పేపరు కష్టమైందని అనగలుగుతున్నది పిల్లలు మారలేదు కాబట్టే. ఒక అబ్బాయిని మధ్యలో బాగా చదివేవాళ్ల సెక్షన్‌లోకి మారిస్తే, అతని చదువు ఏమాత్రం తగ్గకపోయినా z తగ్గుతుంది. పైగా z ఎప్పుడూ తోటివారితో పోలికే. క్లాసు మొత్తం త్రికోణమితి బాగా నేర్చుకున్నా, ఎవరికీ రాకపోయినా క్లాసు సగటు z సున్నాయే. కాబట్టి పాఠం వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు అసలు మార్కులోనే, రాసిన జవాబులోనే వెతకాలి.

వేర్వేరు రోజుల్లో వేర్వేరు పేపర్లతో జరిగే పోటీ పరీక్షలకూ ఇదే చిక్కు. జేఈఈ మెయిన్‌లో దానికి పరిష్కారంగా పర్సెంటైల్ వాడతారు, అంటే అదే సెషన్‌లో నూటికి ఎంతమంది మీతో సమానంగా గానీ మీకంటే తక్కువగా గానీ తెచ్చుకున్నారో చూస్తారు. అది వరసలో మీ చోటు చెబుతుంది. సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చెప్పేది z. ఒకదాన్నుంచి మరొకటి పట్టికలో చూసి చెప్పాలంటే మార్కులు గంట ఆకారంలో పరుచుకుని ఉండాలి. ఎనిమిది మంది బ్యాచ్‌లో ఆ ఆకారం ఉందని అనుకోవడానికి లేదు.

స్కూళ్లకూ కాలేజీలకూ ఒక మనవి. ప్రోగ్రెస్ కార్డులో మార్కు పక్కన క్లాసు సగటు, ప్రామాణిక విచలనం కూడా అచ్చు వేయండి. మార్కులు ఇప్పటికే కంప్యూటర్‌లో ఉన్నచోట దీనికి అదనపు పని దాదాపు లేదు. ఆ రెండు అంకెలూ ఇచ్చేదాకా తల్లిదండ్రులు వాటిని అడిగి తెలుసుకోవాలి. 67 చూసి పిల్లను కోప్పడాలో మెచ్చుకోవాలో అవి తెలిశాకే నిర్ణయించుకోవాలి.