గొట్టం ఎటు వెళ్లింది?

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మనల్ని నోరు బాగా తెరిచి నాలుక చాపమంటారు. గొంతులో కొండనాలుక మొదలు మాత్రమే కనబడితే మల్లంపాటి మూడో తరగతి, అదీ కనబడకపోతే నాలుగోది. అంటే శ్వాసగొట్టం వేయడం కష్టం కావచ్చు. 1985లో ఈ పద్ధతిని వివరించిన శేషగిరి మల్లంపాటి తెలుగువారే. అయితే ఇదొక్కటే నమ్ముకోకూడదు. మెడ వంగుతుందో లేదో కూడా చూడాలి.

అరవై కిలోల మనిషికి ముందు మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టి, సుమారు 120 మిల్లీగ్రాముల ప్రోపోఫాల్, కండరాలు సడలే మందు ఇస్తారు. ఊపిరి ఆగుతుంది. గొట్టం పొరపాటున అన్నవాహికలోకి వెళ్లినా, నిల్వ ఉన్న ఆక్సిజన్ వల్ల వేలికి పెట్టిన ఆక్సీమీటరు కొన్ని నిమిషాలు 99 చూపిస్తూనే ఉంటుంది. కాప్నోగ్రాఫ్ మోసపోదు: ప్రతి ఊపిరికీ కార్బన్ డయాక్సైడ్ అల రావాలి. గీత చదునుగా ఉంటే గొట్టం తీసేసి మాస్కుతో ఊపిరి అందించాలి.