సమావేశం నోటీసులోనే ఎజెండా

"ఇందుమూలముగా సభ్యులకు తెలియజేయునది ఏమనగా, వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు సర్వసభ్య సమావేశం జరుగును. అందరూ తప్పక హాజరు కాగలరు." మన సంఘాల నోటీసులు తరచు ఈ రెండు వాక్యాలతోనే ముగుస్తాయి. వేళ తెలుస్తుంది గాని, ఏ విషయం తేల్చడానికి రావాలో తెలియదు.

ముస్తాబాద్ మండలంలోని ఒక ఊరి సంఘాన్ని ఉదాహరణగా అనుకుందాం. సభ్యులు ఏడాదిలో 80,000 లీటర్ల పాలు పోశారు. చట్టప్రకారం నిధులకు జమకట్టగా 40,000 రూపాయలు మిగిలాయి. వాటితో కొవ్వు పరీక్ష యంత్రం కొనాలని పాలకవర్గం తలచింది. ఈ మాట సమావేశంలోనే మొదటిసారి చెబితే, తన వంతు బోనస్ ఎంతో ఎవరికీ అందదు. గొంతు పెద్దదైనవారి మాట నెగ్గుతుంది. మర్నాడు పాలకేంద్రం దగ్గర సణుగుడు మొదలవుతుంది.

అదే నోటీసు కింద ఈ నాలుగు అంశాలు చేర్చి చూడండి.

1. గత తీర్మానాలపై జరిగిన పని: తెలియజేయుటకు.
2. జమాఖర్చులు, ఆడిట్ నివేదిక: ఆమోదమునకు.
3. మిగులు 40,000 రూపాయలు. లీటరుకు 50 పైసల బోనసా, పరీక్ష యంత్రమా: నిర్ణయమునకు.
4. కొవ్వు శాతంపై ఫిర్యాదులు: చర్చకు. ఫిర్యాదుదారులు పది రోజుల పాల చీటీలు తేవలెను.

మూడో అంశం చదివిన సభ్యుడు తాను పోసిన 1,200 లీటర్లకు 600 రూపాయలు వస్తాయని ఇంట్లోనే లెక్క కట్టుకుంటాడు. బర్రె పాలు పిండే ఇల్లాలితోనూ ఆలోచిస్తాడు. నాలుగో అంశం వల్ల చీటీలు చేతికి వస్తాయి. ఒకే పూట చాలామందికి కొవ్వు తగ్గి ఉంటే, పరీక్షలోనో, పాలు బాగా కలపకుండా నమూనా తీయడంలోనో లోపం వెతకాలి. ఒక్కరికే తగ్గితే ఆ ఇంటి మేత, పాలు పితికే తీరు చూడాలి. చివరి ధారల్లోనే కొవ్వు ఎక్కువ గనుక, పూర్తిగా పితకకపోయినా శాతం పడిపోతుంది. చీటీలు లేకపోతే ఈ తేడా తేలదు.

ఎజెండా నాలుగైదు అంశాలు దాటితే చివరివాటికి వేళ చాలదు. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు" అనే పంక్తి కింద డబ్బు సంగతులు తీర్మానించరాదు. ముందుగా తెలియనివారికి అన్యాయం జరుగుతుంది. బైలా సవరణ ఉంటే పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ నోటీసులో రాయాలి.

నోటీసును బైలాలో ఉన్న గడువు ప్రకారమే పంపాలి. చదువురానివారి కోసం రెండు పూటలా పాలు పోసే వేళ అంశాలు చదివి వినిపించాలి. చాటింపు వేయించినా అంశాలు కూడా చెప్పించాలి. సమావేశానికి రెండు రోజుల ముందు, వరుసలో నిలుచున్న పదిమందిని "ఆదివారం ఏం తేలుస్తున్నాం?" అని కార్యదర్శి అడగాలి. యంత్రం మాట, బోనస్ మాట వారి నోట రాకపోతే నోటీసు గోడ మీదనే ఉండిపోయిందని గ్రహించి, ఆ పూటే మళ్లీ చదివి వినిపించాలని మా సలహా.