గీత చూసి సమీకరణం రాయడం

వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే బొమ్మే ఇది. గళ్లు గళ్లుగా ఉన్న తెల్లటి నేపథ్యం, రెండు అక్షాలు, మధ్యలో మెలికలు తిరిగిన నీలం గీత. కింద ఒకటే ప్రశ్న: దీని సమీకరణం ఏమిటి? సమీకరణం ఇస్తే గ్రాఫ్ గీయడం బళ్లో అందరికీ నేర్పుతారు. గ్రాఫ్ ఇచ్చి సమీకరణం రాయమంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో చాలామందికి తోచదు.

ఒక బొమ్మ తీసుకుందాం. గీత ఎడమవైపు అడుగు నుంచి నిటారుగా పైకి వచ్చి, x అక్షాన్ని −3 దగ్గర దాటుతుంది. పైకి లేచి, ఒక శిఖరం చేరి, అక్కడి నుంచి దిగుతూ y అక్షాన్ని ఖండిస్తుంది. ఇంకా దిగి 2 దగ్గర x అక్షాన్ని అలా తాకి, కిందికి పోకుండా మళ్లీ పైకే వెళ్లిపోతుంది.

గీత సంగతి తర్వాత, ముందు అక్షాల మీది అంకెలు చూడాలి. మన బొమ్మలో x అక్షం మీద గడికి 1, y అక్షం మీద గడికి 2. y అక్షాన్ని గీత మూడో గడి దగ్గర ఖండించింది కాబట్టి అక్కడ విలువ 6. అంకెలు చూడకుండా గళ్లు లెక్కపెట్టినవారు 3 అని రాసుకుంటారు. ఆ తర్వాత లెక్కంతా సరిగ్గా చేసినా జవాబు సగమే వస్తుంది. స్క్రీన్‌షాట్‌ను అడ్డంగా సాగదీసినా, నిలువుగా నొక్కినా ఇబ్బంది లేదు, అంకెలు కూడా గీతతోపాటే కదులుతాయి కదా. వాలును కంటితో అంచనా వేస్తే మాత్రం మోసపోతాం. అక్షం మీద కనీసం రెండు అంకెలైనా కనబడకుండా బొమ్మను కత్తిరించి పంపితే, ఆ అక్షం కొలత ఎవరికీ తెలియదు. అసలు బొమ్మ అడగడమే దారి.

ఇప్పుడు x అక్షం మీది బిందువులు. పదో తరగతి బహుపదుల పాఠంలో వీటినే శూన్యాలు అంటారు. x విలువ −3 అయినప్పుడు ఫంక్షన్ సున్నా అయితే, సమీకరణంలో ఆ చోట సున్నా అయ్యే కారణాంకం ఉండాలి. అది x + 3. బొమ్మలో మైనస్, కారణాంకంలో ప్లస్: ఇక్కడ గుర్తు తారుమారు చేసేవారు చాలామంది. అలాగే 2 దగ్గరి శూన్యానికి x − 2.

అయితే ఈ రెండు బిందువులూ ఒక తీరువి కావు. −3 దగ్గర గీత అక్షాన్ని దాటింది, 2 దగ్గర తాకి వెనక్కి తిరిగింది. x − 2 ఒక్కటే ఉంటే, 2కు ఎడమవైపు అది రుణం, కుడివైపు ధనం. అక్కడ x + 3 విలువ ఎలాగూ 5కు దగ్గరగా ధనమే. కనుక గీత అక్షాన్ని దాటి తీరాలి. దాటలేదంటే x − 2 రెండుసార్లు ఉందన్నమాట, వర్గం ఎటువైపైనా ధనమే కాబట్టి. కొన్ని బొమ్మల్లో గీత అక్షం దగ్గరికొచ్చి కాస్త చదునుగా సాగి, ఆ తర్వాత దాటుతుంది. అక్కడ కారణాంకం మూడుసార్లు ఉందని అనుమానించాలి. మన బొమ్మకు వస్తే సమీకరణం ఇలా మొదలవుతుంది:

y = a(x + 3)(x − 2)²

తెలియనిది a ఒక్కటే. శూన్యాలు a గురించి ఏమీ చెప్పవు, ఎందుకంటే a ఎంతైనా గీత అవే చోట్ల అక్షాన్ని కలుస్తుంది. అక్షం మీద లేని ఒక బిందువు కావాలి. y అక్షం మీది 6 ఉంది కదా. x బదులు 0 పెడితే 3 × 4 = 12, అంటే 12a = 6. కాబట్టి a = 1/2.

y = ½(x + 3)(x − 2)²

చాలామంది ఇక్కడితో పెన్ను పక్కన పెడతారు. నన్నడిగితే అసలు పని ఇప్పుడుంది. ఇంతవరకు వాడని బిందువులతో సరిచూడాలి. వాడిన బిందువుతో సరిచూస్తే అది ఎలాగూ సరిపోతుంది. గీత సరిగ్గా గళ్ల మూలల మీదుగా వెళ్లే చోట్లు వెతకండి. మన బొమ్మలో (1, 2), (−2, 8), (4, 14) అలాంటివి. x = 1 అయితే ½ × 4 × 1 = 2. x = −2 అయితే ½ × 1 × 16 = 8. x = 4 అయితే ½ × 7 × 4 = 14. మూడూ కుదిరాయి.

తప్పు చేసి ఉంటే ఈ బిందువులే పట్టిస్తాయి. తాకడాన్ని గమనించక a(x + 3)(x − 2) అని రాసినా y అక్షం మీది 6 చక్కగా కుదురుతుంది, a విలువ −1 అవుతుంది. కానీ x = 4 దగ్గర 14 రావాల్సింది −14 వస్తుంది. గుర్తు తారుమారై x − 3 అని రాస్తే a విలువ −½ అవుతుంది, అప్పుడు x = −2 దగ్గర 8 బదులు 40. ఇంత తేడాను చదవడంలో పొరపాటు అనుకోలేం. సమీకరణం రూపమే తప్పు.

శిఖరాన్ని మాత్రం సాక్ష్యానికి పిలవకండి. చూపుకు అది (−1, 9) దగ్గర ఉన్నట్టే అనిపిస్తుంది. గీత ఆ బిందువు గుండా వెళ్లే మాట నిజమే. శిఖరం మాత్రం దానికి కొంచెం ఎడమగా, x = −4/3 దగ్గర, సుమారు 9.26 ఎత్తున ఉంది. శిఖరం చుట్టూ గీత చదునుగా ఉంటుంది కనుక అది ఎత్తును బాగానే చెబుతుంది, అడ్డంగా ఎక్కడుందో సరిగా చెప్పదు.

a కోసం ఏ బిందువు ఎంచుకోవాలన్నదీ ఆలోచించాల్సిందే. గీత లావుగా ఉండి 2ను 1.9 అని చదివారనుకోండి. (1, 2) వాడితే a సుమారు 0.62 వస్తుంది, y అక్షం మీది 6 వాడితే 0.55. శూన్యానికి దగ్గరి బిందువులో x − 2 విలువ చిన్నది, అందులో 0.1 తేడా పెద్ద వాటా. అందుకే శూన్యాలకు కాస్త ఎడంగా ఉన్న బిందువే మేలు.

అంకెలు ఇంత గుండ్రంగా రాకపోతే డెస్మాస్ లాంటి గ్రాఫ్ సాధనం సాయపడుతుంది. స్క్రీన్‌షాట్‌నే అందులో నేపథ్యంగా పెట్టి, అక్షాలు ఒకదానిమీద ఒకటి పడేలా సర్ది, మన సమీకరణాన్ని దానిమీద గీయించి చూడొచ్చు. లేదా చదివిన బిందువులను పట్టికలో వేసి ఇలా టైప్ చేయొచ్చు:

```
y_1 ~ a(x_1 - b)(x_1 - c)^2
```

ఈ అలగుర్తు 'వీలైనంత దగ్గరగా సరిపెట్టు' అని చెబుతుంది. a, b, c విలువలు అదే వెతుకుతుంది. కానీ వర్గం ఏ కారణాంకానికి పెట్టాలో చెప్పింది మనమే.

సాధనం తీర్చలేని చిక్కు కూడా అక్కడే ఉంది. మన సమీకరణానికి x(x + 3)(x − 2)²(x − 1)(x + 2)(x − 4) అనే లబ్ధంలో ఓ చిన్న భాగాన్ని కలిపితే, కొత్త గీత కూడా మనం లెక్కలో వాడిన బిందువులన్నిటి గుండా వెళ్తుంది, 2 దగ్గర అలాగే తాకుతుంది. ఆ భాగం తగినంత చిన్నదైతే స్క్రీన్‌షాట్‌లో తేడా గీత మందంలో కలిసిపోతుంది. బొమ్మ అంచు దాటి చాలా దూరం పోయాక గానీ రెండు గీతలూ విడిపోవు. ప్రశ్నపత్రాల్లో 'కనిష్ఠ పరిమాణం గల బహుపది' అనో, 'ఘన బహుపది' అనో ఒక మాట చేర్చేది ఇందుకే. ఆ మాట కూడా స్క్రీన్‌షాట్‌లో కత్తిరించుకుపోయి ఉంటే, మీ జవాబు పక్కన 'ఘన బహుపది అనుకుంటే' అని రాసి పంపండి.