వెయ్యేళ్ళ పిశాచికి ఐదు జ్ఞాపకాలే

ఎదురుగా ఇంకో ఆటగాడు ఉండడు. బోర్డు, పావులు, గెలుపోటముల లెక్క ఏవీ ఉండవు. ఆడేవాళ్ళు ఒక్కరే కూర్చుంటారు. పాచికలు వేస్తారు, పడిన అంకెను బట్టి పుస్తకంలో ఒక సూచన చదువుతారు, దానికి జవాబుగా కాగితం మీద కథను ఒక అడుగు ముందుకు నడుపుతారు. ఇలాంటి ఆటల్ని సోలో జర్నలింగ్ గేమ్స్ అంటున్నారు. వీటిలో చాలావాటికి పేకముక్కలు కావాలి. కాగితం, పెన్సిలు, పాచికలతోనే సరిపెట్టుకునే వాటిలో రాసే అలవాటున్న వాళ్ళు ఎక్కువగా చెప్పుకునేది ‘థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్’. టిమ్ హచింగ్స్ అనే అమెరికన్ దీన్ని తయారుచేశాడు. గట్టి అట్టతో, పాత పుస్తకంలో చిత్తుకాగితాలు అతికించినట్టుండే రూపంతో 2020లో అచ్చయింది.

పేరు చూసి డ్రాకులా సినిమా ఊహించుకుంటే పొరపాటే. కోరలూ నెత్తురూ ఉన్నాయి కానీ ఆట నడిచేది వాటి మీద కాదు. వందల ఏళ్ళు బతికే ప్రాణికి బుర్రలో చోటు మాత్రం మనిషికున్నంతే ఉంటే ఏమవుతుంది? హచింగ్స్ నియమాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే అల్లాడు.

లెక్క సులువు. రక్తపిశాచి పాత్రకు ఐదు జ్ఞాపకాలు ఉంటాయి. ఒక్కో జ్ఞాపకంలో మూడు అనుభవాలు పడతాయి. అనుభవం అంటే దాదాపుగా ఒక్క వాక్యం. ఐదు గళ్ళు, గడికి మూడు వాక్యాలు, మొత్తం పదిహేను. పాత్రకు తన జీవితం గురించి ఏ క్షణాన తెలిసి ఉండేదైనా అంతే. వీటితోపాటు కొన్ని నైపుణ్యాలు, కొన్ని ఆస్తులు, చుట్టూ ఉండే మనుషులు, తనని ఇలా మార్చిన ఇంకో చావులేని జీవి, మనిషి కాదని పట్టించే ఒక గుర్తు. ఇవన్నీ ఒక్క కాగితంలో సరిపోతాయి.

కథ ఏ దేశంలో, ఏ కాలంలో మొదలుపెట్టాలన్నది ఆడేవాళ్ళ ఇష్టం. కాబట్టి ఉదాహరణకు బందరు తీసుకుందాం. డచ్చివాళ్ళు అక్కడ వర్తకశాల పెట్టుకున్న 1600ల తొలినాళ్ళు. పాత్ర పేరు వెంకన్న, అద్దకం బట్టల వ్యాపారి. నైపుణ్యాలు మూడు: గుడ్డ తడిమి నేత ఏ ఊరిదో చెప్పగలడు, డచ్చి మాటలు నాలుగు వచ్చు, చీకట్లో పడవ నడపగలడు. ఆస్తులు మూడు: ఎర్ర రంగు తీసే చిరివేరు మూటలు, ఒక చిన్న పడవ, ఒక వెండి మొలతాడు. మనుషులు ముగ్గురు: చెల్లెలు సుబ్బమ్మ, వ్యాపారంలో భాగస్వామి కాసిం, లెక్కలు రాసే గుమాస్తా. చావులేని జీవి, పగలు ఎప్పుడూ ఓడ దిగని ఒక డచ్చి వర్తకుడు. ఇక గుర్తు: వెంకన్న వేళ్ళకున్న ఎర్ర రంగు ఎంత కడిగినా పోదు. అడిగినవాళ్ళకు అద్దకం పని అని చెప్పి తప్పించుకుంటాడు.

గుర్తు ఎంచుకునేటప్పుడు దాన్ని దాచే ఉపాయం కూడా ఆలోచించుకోవాలి. ఊరు మారినప్పుడు, కాలం మారినప్పుడు ఆ ఉపాయం పనిచేయడం మానేస్తుంది. అద్దకం తెలియని ఊళ్ళో ఎర్ర వేళ్ళకు వెంకన్న ఏం సంజాయిషీ చెబుతాడు?

ఆట మొదలయ్యేసరికే ఐదు జ్ఞాపకాల్లోనూ ఒక్కో అనుభవం ఉంటుంది. మొదటిది పుట్టుపూర్వోత్తరాలు, చివరిది పిశాచిగా మారిన రాత్రి, మధ్య మూడు పైన చెప్పిన మనుషుల్నీ ఆస్తుల్నీ కలిపి రాసినవి. ‘అక్క పెట్టెలోంచి తీసి సుబ్బమ్మ నా నడుముకు వెండి మొలతాడు కట్టింది, పడవ మునిగితే ఇది అమ్ముకుని ఇల్లు చేరమంది.’ ఇలాంటి వాక్యం ఒకటి చాలు. అందులో మనిషి ఉంది, వస్తువు ఉంది, రాబోయే ప్రమాదమూ ఉంది.

ఇక పాచికలు. ప్రతి వంతుకూ పది ముఖాల పాచిక ఒకటి, ఆరు ముఖాలది ఒకటి వేస్తారు. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చిన అంకె ప్రకారం సూచనల వరుసలో ముందుకో వెనక్కో కదులుతారు. సూచనలు డెబ్బైకి పైనే ఉన్నాయి. ఒక్కోదాని కింద మెట్లుగా మూడు భాగాలుంటాయి. మొదటిసారి వస్తే మొదటిది, అదే అంకెకు మళ్ళీ వస్తే రెండోది చదవాలి.

వెంకన్న మొదటి సూచన దగ్గర ఉన్నాడు. ఆకలి ఆపుకోలేక దగ్గరివాళ్ళలో ఒకర్ని చంపాలని అక్కడ ఉంది. ఆడేవాళ్ళు కాసింను ఎంచుకున్నారనుకుందాం. కాగితం మీద కాసిం పేరు కొట్టేసి ఒక అనుభవం రాస్తారు. తర్వాత పాచికల్లో ఏడు, మూడు పడ్డాయి. నాలుగు అడుగులు ముందుకు, అయిదో సూచన. అక్కడి పని ముగిశాక రెండు, ఆరు పడ్డాయి. నాలుగు అడుగులు వెనక్కి, మళ్ళీ ఒకటో సూచనే. ఈసారి రెండో భాగం చదవాలి. కాసిం చావు అక్కడితో అయిపోలేదన్నమాట, దాని పర్యవసానం ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చింది. నాలుగింట ఒకసారి వెనక్కి నడిపిస్తాయి ఈ పాచికలు. పదింట ఒకసారి ఉన్నచోటే నిలబెడతాయి. మిగతాసార్లు ముందుకే, సగటున వంతుకు రెండడుగులు. ఈ వెనకడుగులే లేకపోతే ఇదంతా ప్రశ్నపత్రం పూరించినట్టుండేది.

సూచనలు తరచూ రెండు పనులు అడుగుతాయి: ఫలానా నైపుణ్యం వాడు, లేదా ఒక ఆస్తి పోగొట్టుకో. నైపుణ్యం ఒకసారే అక్కరకొస్తుంది, వాడాక టిక్కు పెట్టేయాలి. వాడటానికి నైపుణ్యం మిగలకపోతే ఆస్తి పోతుంది. ఆస్తి లేకపోతే నైపుణ్యం ఖర్చవుతుంది. రెండూ లేని రోజు కథ అయిపోతుంది. సూచనల మధ్య ఏళ్ళు, దశాబ్దాలు గడుస్తుంటాయి. బతికి ఉండే వయసు దాటిన మనుషుల పేర్లు ఎప్పటికప్పుడు కొట్టేస్తూ పోవాలి.

అసలు కష్టం జ్ఞాపకాల దగ్గర వస్తుంది. కొత్త అనుభవం పాతదానితో కలిసేదైతే ఆ గడిలోనే చేర్చవచ్చు. కాసిం తమ్ముడు పగతో వస్తే అది కాసిం ఉన్న గడిలోకి పోతుంది. సంబంధం లేనిదైతే కొత్త గడి కావాలి. కానీ ఐదూ మొదటి నుంచే నిండి ఉన్నాయి! అందుకని ఒకదాన్ని మొత్తంగా కొట్టేయాలి. మరుపు ఎప్పుడో వందేళ్ళ తర్వాత వస్తుందనుకుంటే, రెండో మూడో వంతులోనే ఎదురవుతుంది.

తప్పించుకునే దారి ఒకటుంది, డైరీ. అది కూడా ఒక ఆస్తే. ఒక జ్ఞాపకాన్ని అందులోకి మార్చి గడి ఖాళీ చేసుకోవచ్చు. నాలుగు జ్ఞాపకాలు పడతాయి. అందులోకి వెళ్ళినదానికి మాత్రం కొత్త వాక్యం చేర్చడానికి వీల్లేదు. పైగా డైరీ పోతే అందులో ఉన్నవన్నీ పోతాయి.

వెంకన్న డైరీ తాటాకుల కట్ట అనుకుందాం. చెల్లెలి జ్ఞాపకం అందులో ఉంది. ఆట సాగి సాగి 1864కి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమంది చనిపోయారు. సరిగ్గా అప్పుడే ఒక ఆస్తి పోగొట్టుకొమ్మని సూచన వచ్చింది. మిగిలినవి మూడే: పడవ, మొలతాడు, తాటాకుల కట్ట. పడవ పోతే ఊరు దాటే దారి లేదు. ఆడేవాళ్ళు కట్టను నీళ్ళపాలు చేశారు. ఇప్పుడు సుబ్బమ్మ ఎవరో వెంకన్నకు తెలియదు. మొలతాడు మాత్రం నడుముకే ఉంది, ఎందుకంటే జ్ఞాపకం పోయినంత మాత్రాన వస్తువు పోదని నియమం. అది ఎవరు కట్టారో తెలియని మనిషి దాన్ని పాతవెండి కింద అమ్మేయవచ్చు, రాణిగారి కానుకని గొప్పలు పోవచ్చు. ఏది రాసినా చదువుతున్న మనకు నిజం తెలుసు, అతనికి తెలియదు. నవలాకారులు ఎంతో కష్టపడి సాధించే ఈ పరిస్థితి ఇక్కడ ఒక కొట్టివేతతో వస్తుంది. అందుకే రబ్బరుతో చెరపకూడదు. ఒక్క గీత గీయాలి, కింద అక్షరాలు కనబడుతుండాలి.

రాసే అలవాటున్నవాళ్ళే ఈ ఆటలో ముందు తడబడతారు. అనుభవం ఒక వాక్యంలో ఆపమంటే పేజీ రాసేస్తారు. అంత ముద్దుగా రాసుకున్నదాన్ని కొట్టేయడానికి చేయి రాక, సంబంధం లేని అనుభవాల్ని కూడా బలవంతంగా పాత గళ్ళలో ఇరికిస్తారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. పది వంతులు ఆడాక కాగితం మీద ఒక్క గడికీ గీత పడకపోతే ఆట జరగడం లేదని అర్థం. సవివరంగా రాయాలనుకునేవాళ్ళు దాన్ని వేరే నోటుపుస్తకంలో రోజుల తరబడి రాసుకోవచ్చు. హచింగ్స్ ఆ పద్ధతినీ, గబగబా వాక్యాలతో ముగించే పద్ధతినీ రెండింటినీ అనుమతించాడు. అయితే గళ్ళ కాగితం మీద ఉండేది ఎప్పుడూ ఆ ఒక్క వాక్యమే.

రెండో తడబాటు, ప్రతిసారీ కొత్త మనుషుల్ని తేవడం. కొత్తవాళ్ళు వస్తూ పోతూ ఉంటే కథకు బరువు రాదు. గుమాస్తా మనవడు, డచ్చి వర్తకుడి ఓడ, ఎర్ర వేళ్ళు తిరిగి తిరిగి రావాలి. ఇంకో సంగతి: సూచనల్లో హత్యలు, క్రూరత్వం తప్పవు. మనసు కుదురుగా లేని రోజు ఆడదగ్గ ఆట కాదిది.

పది ముఖాల పాచిక మన ఊళ్ళ బొమ్మల దుకాణాల్లో దొరకడం అరుదు. లూడో పాచికలు రెండుంటే చాలు. మొదటిదాంట్లో ఆరు పడితే మళ్ళీ వేయాలి, ఒకటి నుంచి అయిదు వరకు ఏది పడితే అది తీసుకోవాలి. రెండోదాంట్లో బేసి వస్తే ఆ అంకే, సరి వస్తే దానికి అయిదు కలపాలి. డబ్బాలో పది చీటీలు వేసి తీసినా సరిపోతుంది, తీసిన చీటీ తిరిగి వేయడం మరవకపోతే. అష్టాచమ్మా గవ్వలు మాత్రం పనికిరావు. గవ్వ రెండు వైపులా సమానంగా పడదు, పైగా నాలుగు గవ్వల్లో రెండు వెల్లకిల పడటం నాలుగూ పడటం కన్నా ఎంతో ఎక్కువ. లెక్క వంకర పోతుంది.

సూచనలు ఇంగ్లీషులో ఉంటాయి, రాత తెలుగులో సాగించడానికి అడ్డేమీ లేదు. ఇంత నెత్తురు వద్దనుకునేవాళ్ళు స్కాట్ మాల్ట్‌హౌస్ 2016లో తెచ్చిన ‘క్విల్’ చూడవచ్చు. అందులో మామూలు ఆరు ముఖాల పాచికలే. ఆటగాడు అయిదు పేరాల ఉత్తరం రాస్తాడు. పాచిక మీద అయిదో ఆరో పడితే సన్నివేశంలో ఇచ్చిన జంటపదాల్లో మేలైనది వాడవచ్చు, లేకపోతే నాసిదానితో సరిపెట్టుకోవాలి. చివర్లో వచ్చిన మార్కుల్ని బట్టి అవతలివాళ్ళ జవాబు ఎలా ఉంటుందో తెలుస్తుంది. తెలుగులో ఆడాలంటే ఆ జంటపదాల పట్టిక ముందుగా మనమే తయారుచేసుకోవాలి. ఆట కన్నా ఆ పట్టికకే ఎక్కువ సాయంత్రాలు పడతాయి.